వెలుతురు సోకిన బీరు: దుర్వాసనకు కారణాలు, సీసారంగు, నిల్వ పద్ధతులు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

బీరుకు వెలుతురు సోకినప్పుడు అందులో ఒక ప్రత్యేకమైన దుర్వాసన పుడుతుంది. వేడివల్లనో, పాతబడటంవల్లనో వచ్చే మార్పులతో దీనిని కలిపి చూడటం సాధారణంగా జరుగుతున్న పొరపాటు. హాప్ పూల నుండి వచ్చే చేదు పదార్థాలు, బీరులో సహజంగా ఉండే రైబోఫ్లేవిన్ అనే విటమిన్, గంధకం కలిగిన పదార్థాలు – ఈ మూడూ వెలుతురు సమక్షంలో కలిసి ఈ వాసనను ఎలా పుట్టిస్తాయో ఈ వ్యాసం వివరిస్తుంది. గోధుమరంగు, ఆకుపచ్చ, రంగులేని సీసాలకూ, డబ్బాలకూ రక్షణలో ఉన్న తేడాలను ఆ రసాయనచర్య ఆధారంగా పరిశీలిస్తుంది. వెలుతురు దోషాన్ని ఇతర దోషాల నుండి వేరుచేసి గుర్తించే ఒక సరళమైన పరీక్షను లెక్కతో సహా చూపుతుంది.

కీలకపదాలు: బీరు, హాప్స్, ఐసోహ్యూములోన్, రైబోఫ్లేవిన్, థయాల్, కాంతిదోషం, సీసారంగు, నిల్వ.

1. ప్రవేశిక:

ఒకే కర్మాగారంలో ఒకే రోజున తయారైన బీరును ఒక డబ్బాలోనూ, ఒక ఆకుపచ్చ సీసాలోనూ నింపి, రెండింటినీ దుకాణంలో ట్యూబులైటు వెలిగే అద్దాల ఫ్రిజ్‌లో కొన్ని రోజులు పక్కపక్కనే ఉంచితే, తెరిచినప్పుడు ఆ రెండూ ఒకే వాసన వేయకపోవచ్చు. రెండూ చల్లగానే ఉన్నాయి. రెండింటికీ వయసు ఒక్కటే. తేడా అంతా వెలుతురుదే. ఈ విషయం తెలియనివారు సీసాలోని వాసనను ఆ రకం బీరుకు సహజమైన గుణంగా భావించే అవకాశం ఉంది. ఆకుపచ్చ సీసాల్లో వచ్చే విదేశీ బీర్ల విషయంలో ఇది చాలాకాలంగా జరుగుతున్నదే. దోషం గుణంగా స్థిరపడినప్పుడు దానిని సరిదిద్దాలన్న ఆలోచనే రాదు. కనుక ఈ దోషానికి కారణాన్ని కచ్చితంగా గుర్తించడం అవసరం.

మద్యపానాన్ని ప్రోత్సహించడం గానీ, దాని మంచిచెడ్డలను చర్చించడం గానీ ఈ వ్యాస పరిధిలోనివి కావు. ఒక ఆహారపదార్థంపై వెలుతురు చూపే ప్రభావాన్ని వివరించడమే ఇక్కడి ఉద్దేశం. వెలుతురువల్ల బీరులో పుట్టే ఈ చెడువాసనను ఈ వ్యాసంలో 'కాంతిదోషం' అని వ్యవహరిస్తున్నాను.

2. వాసనకు పేరు – ఒక అనువాద సమస్య:

ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో ఈ వాసనను స్కంక్ వాసనతో పోలుస్తారు. స్కంక్ ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల జంతువు. శత్రువు ఎదురైనప్పుడు తోక కిందనున్న గ్రంథుల నుండి భరించలేని వాసన గల ద్రవాన్ని చిమ్మడం దాని ఆత్మరక్షణ పద్ధతి. ఈ జంతువు మన అడవుల్లో లేదు కనుక తెలుగులో దానికి సహజమైన పేరు ఏర్పడలేదు. స్రావం చేసే జంతువు అన్న పోలికతో దీనిని పునుగుపిల్లి అని అనువదిస్తే అర్థం తలకిందులవుతుంది. పునుగు మనకు సుగంధద్రవ్యం. తిరుమల శ్రీవారి సేవలో పునుగు తైలానికి స్థానం ఉంది. 'పునుగు వాసన వేసే బీరు' అంటే తెలుగు పాఠకుడు దానిని మెచ్చుకోలుగానే తీసుకుంటాడు.

అందువల్ల పోలికను జంతువులో కాక రసాయనంలో వెతకడం మేలు. స్కంక్ చిమ్మే ద్రవంలోని ఘాటుకు కారణం థయాల్స్ అనే గంధక సమ్మేళనాలు. ఈ కుటుంబానికి చెందిన ఒక పదార్థం మన వంటింట్లోనే పరిచితం. వంటగ్యాసుకు తనదంటూ గట్టి వాసన లేదు. గ్యాసు కారితే వెంటనే తెలియడానికి అందులో ఇథైల్ మెర్కాప్టన్ అనే థయాల్‌ను అతి స్వల్పంగా కలుపుతారు. సిలిండరు దగ్గర ముక్కుకు తగిలే ఆ కుళ్లు వాసన బీరులోని కాంతిదోషానికి దగ్గరి చుట్టం. కాలిన రబ్బరు, నలిగిన వెల్లుల్లి కలగలిసినట్లు ఉండే వాసన అని చెప్పినా పెద్ద తప్పు కాదు.

బీరులో పుట్టే పదార్థం పేరు 3-మిథైల్-2-బ్యూటీన్-1-థయాల్. దీనిని క్లుప్తంగా ఎం.బి.టి. అంటారు. స్కంక్ ద్రవంలోని ప్రధాన థయాల్స్‌లో ఒకటి 3-మిథైల్-1-బ్యూటేన్‌థయాల్. ఈ రెండింటి నిర్మాణంలో ఒక్క ద్విబంధమే తేడా. కనుక స్కంక్ పోలిక కేవలం ముక్కు కల్పించిన ఊహ కాదు, దాని వెనుక నిజమైన రసాయన బంధుత్వం ఉంది.

3. దోషానికి మూలమైన మూడు పదార్థాలు:

3.1 హాప్ చేదు:

బీరుకు ప్రధానమైన ముడిపదార్థాలు మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, నీరు, ఈస్టు, హాప్ పూలు. హాప్ గంజాయి కుటుంబానికి చెందిన ఒక తీగమొక్క. దాని ఆడపూలలో ఉండే ఆల్ఫా ఆమ్లాలు స్వతహాగా నీటిలో అంతగా కరగవు. బార్లీ రసంతో కలిపి గంటకు అటూ ఇటూగా మరిగించినప్పుడు అవి తమ నిర్మాణాన్ని మార్చుకొని ఐసోహ్యూములోన్లుగా మారతాయి. బీరుకు చేదునిచ్చేవీ, నురుగు నిలవడానికి తోడ్పడేవీ, కొన్ని రకాల సూక్ష్మజీవులను ఎదగనీయకుండా ఆపేవీ ఇవే. సాధారణ లాగర్ బీరులో ఇవి లీటరుకు ఇరవై మిల్లీగ్రాముల ప్రాంతంలో ఉంటాయి. బీరుకు ఇంత మేలు చేసే ఈ పదార్థమే వెలుతురులో కీడుకు మూలమవుతుంది.

3.2 రైబోఫ్లేవిన్:

ఐసోహ్యూములోన్లు అతినీలలోహిత కిరణాలను మాత్రమే పీల్చుకోగలవు. కంటికి కనిపించే వెలుతురు వాటిని తాకకుండానే దాటిపోతుంది. ఆ కిరణాల్లో ఎక్కువ శక్తి గల భాగాన్ని మామూలు గాజే చాలావరకు అడ్డుకుంటుంది. మరి గాజు సీసాలోని బీరు గదిలోని దీపం వెలుతురుకే ఎందుకు చెడుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం రైబోఫ్లేవిన్, అంటే విటమిన్ బి2.

రైబోఫ్లేవిన్ పసుపు రంగు పదార్థం. పసుపుగా కనిపించే వస్తువు నీలి వెలుతురును పీల్చుకుంటున్నదని అర్థం. 450 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఉండే నీలి వెలుతురును ఇది బాగా పీల్చుకుంటుంది. బార్లీ నుండీ, ఈస్టు నుండీ ఈ విటమిన్ కొద్ది పరిమాణంలో బీరులోకి వస్తుంది. వెలుతురును పీల్చుకున్న రైబోఫ్లేవిన్ అణువు ఉత్తేజిత స్థితికి చేరి, పక్కనున్న ఐసోహ్యూములోన్ నుండి ఒక ఎలక్ట్రాన్‌ను లాక్కుంటుంది. తాను స్వయంగా కనిపించే వెలుతురును అందుకోలేని చేదు పదార్థం, ఈ మధ్యవర్తి ద్వారా ఆ వెలుతురు దెబ్బను తింటుంది.

పాలను ఎండలో ఉంచినప్పుడు రుచి మారడానికి కూడా రైబోఫ్లేవినే కారణం. అయితే పాలలో హాప్ చేదు లేదు. అక్కడ చెడేవి మాంసకృత్తుల్లోని గంధకం గల భాగాలు, కొవ్వులు. అందువల్ల ఆ వాసన వేరుగా ఉంటుంది. మధ్యవర్తి ఒక్కటే అయినా, దానికి చిక్కిన పదార్థాన్ని బట్టి ఫలితం మారుతుందన్నమాట.

3.3 గంధకం:

ఐసోహ్యూములోన్ అణువులో గంధకం లేదు. థయాల్ ఏర్పడాలంటే గంధకం బయటి నుండి రావాలి. బార్లీ మాంసకృత్తుల నుండి వచ్చే సిస్టీన్ వంటి అమైనో ఆమ్లాలు, ఈస్టు పులియబెట్టేటప్పుడు విడుదల చేసే గంధక సమ్మేళనాలు ఆ అవసరాన్ని తీరుస్తాయి. ఏర్పడవలసిన ఎం.బి.టి. అతి స్వల్పం కనుక, అందుకు సరిపడే గంధకం ప్రతి బీరులోనూ ఉంటుంది.

4. చర్య జరిగే క్రమం:

బీరు వెలుతురుకు చెడుతుందన్న సంగతిని 1875లోనే జర్మన్ శాస్త్రవేత్త లింట్నర్ పేర్కొన్నాడు. దుర్వాసనకు కారణమైన పదార్థం, అది ఏర్పడే మార్గం తెలియడానికి మరో ఎనభై ఏళ్లకు పైగా పట్టింది. 1960ల తొలినాళ్లలో జపాను శాస్త్రవేత్త కురోయివా, ఆయన సహచరులు హాప్ చేదుకూ, రైబోఫ్లేవిన్‌కూ, ఎం.బి.టి.కీ ఉన్న సంబంధాన్ని ప్రతిపాదించారు. 2001లో అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయానికి చెందిన మాల్కమ్ ఫోర్బ్స్ బృందం, బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయానికి చెందిన డెనిస్ డి కూకెలేర్ బృందంతో కలిసి, చర్య మధ్యలో క్షణకాలం మాత్రమే ఉండి మాయమయ్యే రాడికల్స్‌ను ఎలక్ట్రాన్ పారామాగ్నెటిక్ రెజొనెన్స్ పద్ధతిలో నమోదుచేసి ఈ క్రమాన్ని స్పష్టపరిచింది.

ఆ క్రమాన్ని సరళంగా ఇలా చెప్పవచ్చు. ఐసోహ్యూములోన్ అణువు ఒక ఐదు కర్బనాల వలయం. దానికి అంటిపెట్టుకొని కొన్ని పక్కగొలుసులు ఉంటాయి. వాటిలో ఒక గొలుసు, కార్బొనిల్ సమూహం ద్వారా వలయానికి అతుక్కొని ఉంటుంది. అదే అణువులోని బలహీనమైన చోటు. వెలుతురు శక్తి నేరుగా గానీ, రైబోఫ్లేవిన్ ద్వారా గానీ చేరినప్పుడు వలయానికీ ఈ గొలుసుకూ మధ్యనున్న బంధం తెగుతుంది. తెగిపోయిన గొలుసు కార్బన్ మోనాక్సైడ్‌ను వదిలి, ఐదు కర్బనాలు గల చిన్న రాడికల్‌గా మిగులుతుంది. జతకోసం వెతికే ఆ రాడికల్ దగ్గరలోని గంధకంతో కలిసినప్పుడు ఎం.బి.టి. తయారవుతుంది.

ఇందులో గమనించవలసినది ఒకటుంది. బంధాన్ని తెంపుతున్నది వెలుతురు అందించే శక్తి, వేడి కాదు. అందువల్ల బీరు చల్లగా ఉన్నంతమాత్రాన ఈ చర్య ఆగదు. చల్లని బీరును బయట పెట్టి మళ్లీ చల్లబరిస్తే ఈ వాసన వస్తుందన్న ప్రచారానికి ఆధారం లేదు. అలా బయట పెట్టినప్పుడు దానికి వెలుతురు కూడా సోకి ఉండవచ్చు. దోషం ఆ వెలుతురుది.

5. ఎంత తక్కువ చాలు? – ఒక లెక్క:

లీటరు బీరులో కేవలం కొన్ని నానోగ్రాముల ఎం.బి.టి. ఉన్నా మనిషి ముక్కు పసిగడుతుంది. ఒక మిల్లీగ్రాములో పది లక్షల నానోగ్రాములు ఉంటాయి. ఈ రెండు ప్రమాణాలను పక్కపక్కన పెట్టి చూస్తే సీసా ఎదుర్కొనే సమస్య ఎంత కఠినమైనదో బోధపడుతుంది.

లీటరుకు 4 నానోగ్రాముల ఎం.బి.టి.ని వాసన తెలిసే హద్దుగా తీసుకుందాం. ఎం.బి.టి. అణుభారం సుమారు 102. ప్రధాన ఐసోహ్యూములోన్ అణుభారం సుమారు 362. ఒక్కొక్క ఐసోహ్యూములోన్ అణువు విరిగినప్పుడు ఒక్కొక్క ఎం.బి.టి. అణువు వస్తుంది కనుక, 4 నానోగ్రాముల ఎం.బి.టి. తయారు కావడానికి సుమారు 14 నానోగ్రాముల ఐసోహ్యూములోన్ చాలు. ఆ లీటరులో ఉన్న ఐసోహ్యూములోన్ 20 మిల్లీగ్రాములు, అంటే రెండు కోట్ల నానోగ్రాములు. రెండు కోట్లలో పద్నాలుగు అంటే పది లక్షల వంతుల్లో ఒక వంతు కూడా లేదు.

ఈ లెక్క నుండి మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, కాంతిదోషం వచ్చిన బీరులో చేదు తగ్గదు. తగ్గిన భాగం నాలుకకు తెలిసేంతది కాదు. కనుక రుచి చూసి కాక వాసన చూసి గుర్తించాలి. రెండవది, హాప్‌ను తగ్గించి వాడటంవల్ల ఈ దోషం నుండి తప్పించుకోవడం కష్టం. సగం చేదు ఉన్న బీరులో కూడా అవసరమైన దానికన్నా లక్షల రెట్లు ముడిపదార్థం ఉంటుంది. మూడవది, వెలుతురును తొంభై శాతం ఆపే సీసా దోషాన్ని ఆపినట్లు కాదు, వాయిదా వేసినట్లు మాత్రమే. మిగిలిన పది శాతం వెలుతురు ఎక్కువ కాలం పడితే అదే ఫలితం వస్తుంది. సీసాల రంగును ఈ మూడవ విషయం దృష్టిలో పెట్టుకొని చూడాలి.

6. సీసారంగు – రక్షణలో తేడాలు:

బీరును చెడగొట్టే వెలుతురు ప్రధానంగా 350 నుండి 500 నానోమీటర్ల మధ్యది. అంటే అతినీలలోహిత భాగం చివర నుండి ఊదా, నీలి రంగుల వరకు. అంతకన్నా పొడవైన తరంగదైర్ఘ్యం గల పసుపు, నారింజ, ఎరుపు వెలుతురు వల్ల దాదాపు ప్రమాదం లేదు. కనుక మంచి సీసాకు ఉండవలసిన లక్షణం ఒక్కటే. రైబోఫ్లేవిన్ పీల్చుకోగల వెలుతురును, అది బీరుకు చేరకముందే సీసాగాజు పీల్చుకోవాలి.

గోధుమరంగు గాజు ఈ పని చేస్తుంది. గాజు కరిగించేటప్పుడు ఇనుము, గంధకం, కర్బనం కలపడంవల్ల ఆ రంగు ఏర్పడుతుంది. ఈ గాజు 500 నానోమీటర్లకు దిగువనున్న వెలుతురులో చాలా భాగాన్ని ఆపివేస్తుంది. నీలి వెలుతురు తొలగిపోగా మిగిలినది కనుకనే ఆ గాజు మన కంటికి గోధుమరంగులో కనిపిస్తుంది. ఔషధాల సీసాలకు ఇదే రంగు వాడటానికి కారణం కూడా ఇదే. తెలుగు రాష్ట్రాల్లో విరివిగా అమ్ముడయ్యే 650 మిల్లీలీటర్ల బీరు సీసా గోధుమరంగుదే కావడం ఈ దృష్టితో చూస్తే సరైన ఏర్పాటు.

ఆకుపచ్చ గాజుకు రంగునిచ్చేది సాధారణంగా క్రోమియం. ఇది అతినీలలోహిత కిరణాలను కొంతవరకు ఆపుతుంది. కానీ 400 నుండి 500 నానోమీటర్ల మధ్యనున్న నీలి వెలుతురులో గణనీయమైన భాగాన్ని లోపలికి వదులుతుంది. చూడటానికి ముదురుగా ఉన్నా, ఆపవలసిన చోట ఆపదు. రంగు ఎంత ముదురుగా ఉందన్నది ఇక్కడ ప్రశ్న కాదు, ఏ వెలుతురును ఆపుతున్నదన్నది ప్రశ్న. రంగులేని గాజు ఈ విషయంలో ఇంకా బలహీనం. దానిలోని బీరుకు నేరుగా ఎండ తగిలితే కొద్ది నిమిషాల్లోనే వాసన పుడుతుంది.

రంగులేని సీసాలోనే బీరును అమ్మదలచిన తయారీదారులు సమస్యను మరో వైపు నుండి పరిష్కరించారు. అణువులో బలహీనమైన చోటు కార్బొనిల్ సమూహం అని పైన చూశాం. హాప్ సారంలోని ఆ కార్బొనిల్‌ను ముందుగానే ఆల్కహాల్ సమూహంగా మార్చివేస్తే, వెలుతురుకు ఆ గొలుసు తెగదు. ఇటువంటి మార్పు చేసిన సారాన్ని రో-ఐసోహ్యూములోన్లు అంటారు. గొలుసులోని ద్విబంధాలను హైడ్రోజన్‌తో నింపిన టెట్రాహైడ్రో రకం కూడా ఉంది. దానినుండి ఎం.బి.టి. ఏర్పడదు, పైగా నురుగు గట్టిగా నిలుస్తుంది. అమెరికాలో రంగులేని సీసాలో వచ్చే మిల్లర్ హై లైఫ్ ఇటువంటి హాప్ సారాన్ని వాడే బీరుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. అయితే ఈ పద్ధతిలో అజాగ్రత్తకు తావులేదు. సాధారణ హాప్‌తో చేసిన బీరు నుండి తీసిన ఈస్టును తిరిగి వాడినా, దానితోపాటు వచ్చే కొద్దిపాటి మామూలు ఐసోహ్యూములోన్ చాలు శ్రమ వృథా కావడానికి. ఎంత తక్కువ చాలో అయిదవ భాగంలోని లెక్క చెబుతూనే ఉంది.

7. డబ్బా, పీపా, అట్టపెట్టె:

అల్యూమినియం డబ్బాలోకీ, ఉక్కు పీపాలోకీ వెలుతురు అసలు చొరబడదు. కాంతిదోషం విషయంలో వాటిని మించిన రక్షణ లేదు. డబ్బాలో లోహపు రుచి వస్తుందన్న అనుమానం కొందరికి ఉంది. డబ్బా లోపలి గోడకు పలుచని పూత ఉంటుంది కనుక బీరు నేరుగా లోహాన్ని తాకదు. డబ్బా అంచుకు నోరు ఆనించినప్పుడు ముక్కుకు లోహం వాసన తగలవచ్చు, గ్లాసులో పోసుకుంటే అదీ ఉండదు.

కానీ ఆ గ్లాసే మరో సమస్య. డబ్బాలో ఎంత భద్రంగా వచ్చిన బీరైనా, ఆరుబయట ఎండలో రంగులేని గాజుగ్లాసులో పోస్తే దాని రక్షణ అక్కడితో ముగుస్తుంది. మొదటి గుక్కకు లేని వాసన గ్లాసు అడుగుకు వచ్చేసరికి తెలియడం అరుదైన అనుభవమేమీ కాదు.

సీసాల విషయంలో అట్టపెట్టెను తక్కువగా అంచనా వేయకూడదు. నాలుగు వైపులా మూసిన అట్టపెట్టెలో ఉన్నంతకాలం రంగులేని సీసా కూడా గోధుమరంగు సీసాతో సమానమే. ప్రమాదం మొదలయ్యేది పెట్టె విప్పి సీసాలను వరుసగా అలమరలో పేర్చినప్పుడు. దుకాణాల్లోని అద్దాల ఫ్రిజ్‌లో దీపం రోజంతా వెలుగుతూనే ఉంటుంది. ట్యూబులైటు వెలుతురులో 405, 436 నానోమీటర్ల దగ్గర పాదరసపు గీతలు ఉంటాయి. తెల్లని ఎల్.ఇ.డి. దీపాల వెలుతురుకు 450 నానోమీటర్ల ప్రాంతంలో ఒక శిఖరం ఉంటుంది. రైబోఫ్లేవిన్ ఎక్కువగా పీల్చుకునేది సరిగ్గా ఆ ప్రాంతపు వెలుతురునే. కనుక అలమరలో ముందు వరుసలో, దీపానికి దగ్గరగా ఉన్న సీసాకన్నా వెనుక వరుసలోని సీసా, దానికన్నా విప్పని పెట్టెలోని సీసా మేలు.

8. వేడి చేసే కీడు వేరు:

వెలుతురును పూర్తిగా ఆపినంతమాత్రాన బీరు తాజాగా ఉండిపోదు. సీసా మూత కింద మిగిలిన కొద్దిపాటి ఆక్సిజన్, బీరులోనే ఏర్పడి ఉన్న కొన్ని ఆల్డిహైడ్ పూర్వరూపాలు కాలక్రమంలో తడిసిన అట్టముక్కను గుర్తుచేసే వాసననిస్తాయి. ఇందులో ముఖ్యమైన పదార్థం ట్రాన్స్-2-నోనెనల్. ఈ మార్పుకు వెలుతురుతో పనిలేదు. దానిని తొందరపెట్టేది వేడి. తయారీదారులు ఒక స్థూలమైన నియమం చెప్పుకుంటారు. సుమారు 32 డిగ్రీల సెల్సియస్‌లో 3 రోజులు, 22 డిగ్రీల్లో 30 రోజులు, 3 డిగ్రీల్లో 300 రోజులు – ఈ మూడూ బీరును దాదాపు సమానంగా పాతబరుస్తాయని. ఇది కచ్చితమైన సూత్రం కాదు, బీరు రకాన్ని బట్టి మారుతుంది. అయినా పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే మన వేసవిలో, రేకుల కప్పు కింది గోదాములో నిలువ ఉంచిన సరుకు పరిస్థితి ఏమిటో ఊహించడానికి ఈ నియమం చాలు.

దీనిని బట్టి డబ్బా వెలుతురును ఆపగలదే గాని వేడిని ఆపలేదని స్పష్టం. అలాగే ఫ్రిజ్ వేడిని ఆపగలదే గాని తనలోని దీపం వెలుతురును ఆపలేదు. మంచి నిల్వకు చీకటీ, చల్లదనమూ రెండూ కావాలి. ఒకటి మరొకదానికి ప్రత్యామ్నాయం కాదు.

చెడిన బీరును తెరిచినప్పుడు ఏది దోషమో తెలుసుకోవడానికి వాసనే ఆధారం. మూత తీయగానే గ్యాసు కారినట్లు, రబ్బరు కాలినట్లు గుప్పుమంటే అది వెలుతురు. తడి అట్ట, పాత కాగితం వాసన వేస్తే అది వేడి, కాలం. ఉద్దేశించని పులుపు, పెరుగు వాసన ఉంటే అది సూక్ష్మజీవుల పని. ముక్కు త్వరగా అలవాటు పడుతుంది కనుక మొదటి వాసననే లెక్కలోకి తీసుకోవాలి. బాగా చల్లబరిస్తే వాసన తక్కువగా పైకి లేస్తుంది, అంతే తప్ప ఏర్పడిన ఎం.బి.టి. పోదు.

9. ఒక పరీక్ష:

వెలుతురు ప్రభావాన్ని వేడి ప్రభావం నుండి వేరుచేసి చూపే పరీక్షను తక్కువ సామగ్రితో చేయవచ్చు. వాసన చూడటమే తప్ప తాగవలసిన పని లేదు.

ఒకే బ్యాచికి చెందిన 500 మిల్లీలీటర్ల బీరు డబ్బాలు రెండు తీసుకోవాలి. డబ్బా బీరునే ఎంచుకోవడానికి కారణం, దానికి అంతకుముందు వెలుతురు సోకలేదన్న హామీ ఉండటం. రెండింటినీ ఒక పాత్రలో కలిపి, మూతగల రెండు రంగులేని గాజు సీసాల్లో సమానంగా పోయాలి. ఒక సీసాకు అల్యూమినియం రేకును రెండు పొరలుగా చుట్టాలి. ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో రెండింటినీ పక్కపక్కనే ఎండలో పదిహేను నిమిషాలు ఉంచాలి. చుట్టిన సీసాను నీడలో ఉంచితే పరీక్ష చెడుతుంది. అప్పుడు రెండింటికీ వెలుతురులోనే కాక వేడిలోనూ తేడా వస్తుంది. ఆ తరువాత రెండు సీసాలనూ చీకటిలో ఒకే చల్లదనానికి తేవాలి.

పన్నెండుమందిని పిలిచి, ఒక్కొక్కరికి మూతపెట్టిన మూడు కప్పులు ఇవ్వాలి. ఒక్కొక్క కప్పులో 25 మిల్లీలీటర్లు చాలు. మూడింటిలో రెండు ఒకే సీసావి, ఒకటి రెండవ సీసాది. ఆరుగురికి ఎండ సోకినది ఒకటి, సోకనివి రెండు, మిగిలిన ఆరుగురికి దీనికి తిరగేసి ఇవ్వాలి. వేరుగా ఉన్న కప్పు ఏదో చెప్పమనడమే పరీక్ష. దీనిని త్రికోణ పరీక్ష అంటారు.

ఏమీ తెలియకుండా ఊహించి చెప్పినా మూడింట ఒకటి సరిపోతుంది. అంటే పన్నెండుమందిలో నలుగురు కేవలం అదృష్టంతోనే సరిగా చెప్పవచ్చు. ఊహించి చెప్పినవారిలో ఏడుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది సరిగా చెప్పే అవకాశం ఆరున్నర శాతానికి పైగా ఉంటుంది. ఎనిమిదిమంది లేదా అంతకన్నా ఎక్కువమందికి ఆ అవకాశం రెండు శాతం లోపే. పరిశోధనల్లో సాధారణంగా అంగీకరించే అయిదు శాతం హద్దును బట్టి, ఎనిమిదిమంది సరిగా చెబితే రెండు సీసాల మధ్య నిజమైన తేడా ఉన్నట్లు భావించవచ్చు. రెండు సీసాలకూ వేడి, కాలం, గాలి అన్నీ సమానమే కనుక ఆ తేడాకు కారణం వెలుతురే అవుతుంది.

తేడా తెలియకపోతే వెంటనే సిద్ధాంతాన్ని అనుమానించకూడదు. ఆకాశం మబ్బుపట్టి ఉండవచ్చు. లేదా ఆ బీరు పైన చెప్పిన మార్పు చేసిన హాప్ సారంతో తయారై ఉండవచ్చు. ఇదే పరీక్షను రేకు చుట్టిన సీసాకూ, గోధుమరంగు సీసాకూ మధ్య జరిపితే పదిహేను నిమిషాల్లో తేడా పట్టుకోవడం చాలా కష్టమవుతుంది. సమయాన్ని పెంచుతూ పోతే, గోధుమరంగు రక్షణకు కూడా హద్దు ఉందన్న సంగతి ఎక్కడో ఒకచోట బయటపడుతుంది.

10. ముగింపు:

- బీరులో కాంతిదోషం హాప్ చేదు, రైబోఫ్లేవిన్, గంధకం, వెలుతురు అనే నాలుగింటి కలయికవల్ల వస్తుంది. వీటిలో మొదటి మూడూ బీరులో సహజంగా ఉండేవే. మన చేతిలో ఉన్నది నాలుగవది మాత్రమే.
- వాసన తెలియడానికి చేదు పదార్థంలో పది లక్షల వంతుల్లో ఒక వంతుకన్నా తక్కువ భాగం విరిగినా చాలు. అందువల్ల పాక్షికమైన రక్షణ దోషాన్ని వాయిదా వేయగలదే తప్ప నివారించలేదు.
- సీసా రక్షణ దాని రంగు ముదురుదనాన్ని బట్టి కాక, నీలి వెలుతురును ఆపే శక్తిని బట్టి ఉంటుంది. గోధుమరంగు గాజు ఆ పని బాగా చేస్తుంది, ఆకుపచ్చ గాజు కొంతవరకే చేస్తుంది, రంగులేని గాజు దాదాపు చేయదు. డబ్బా, పీపా, మూసిన అట్టపెట్టె వెలుతురును ఆపివేస్తాయి.
- చల్లదనం వెలుతురు నుండి కాపాడదు, చీకటి వేడి నుండి కాపాడదు. రెండు దోషాల వాసనలు వేరు, నివారణలూ వేరు.

ఆకుపచ్చ సీసాలోని ఆ వాసన ఆ బీరు ప్రత్యేకత కాదు. అది తయారీ కేంద్రంలో లేదు, దారిలో వచ్చి చేరింది. అదే బీరును డబ్బాలో కొని పోల్చి చూసినప్పుడు ఈ సంగతి ఎవరికి వారికే తెలుస్తుంది.